జీవిత బీమా క్లెయిమ్‌ను కంపెనీ ఎప్పుడు తిరస్కరించవచ్చు? సెక్షన్ 45, అత్యంత సద్విశ్వాసం, ఇన్సూరబుల్ ఇంట్రెస్ట్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి మనిషి పోయిన కొన్ని వారాలకు బీమా కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది. "ప్రపోజల్ ఫారంలో ముఖ్యమైన విషయాన్ని దాచారు కాబట్టి క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం" అని అందులో ఉంటుంది. చాలా కుటుంబాలు అక్కడితో ఆగిపోతాయి. ఆ ఉత్తరాన్ని చట్టం ముందు పెట్టి చదవడం తెలిస్తే, అది నిలుస్తుందో లేదో చాలావరకు మీరే అంచనా వేసుకోగలరు. ఈ జవాబులన్నీ భారతదేశంలో తీసుకున్న జీవిత బీమా పాలసీల గురించి. ఆరోగ్య బీమాకు నియమాలు వేరు, వాటికి చివర్లో ఒక ప్రశ్న కేటాయించాం.

అత్యంత సద్విశ్వాసం అంటే ఏమిటి? మామూలు ఒప్పందానికీ బీమా ఒప్పందానికీ తేడా ఎక్కడ?

మీరు పాత బండి కొంటుంటే, అమ్మేవాడు దాని లోపాలన్నీ తనంతట తాను చెప్పనక్కర్లేదు. అబద్ధం చెప్పకపోతే చాలు, చూసుకోవాల్సిన బాధ్యత కొనేవాడిదే. బీమాలో అలా కుదరదు. మీ ఆరోగ్యం, ఆదాయం, అలవాట్లు, ఇప్పటికే ఉన్న పాలసీలు మీకు తెలుసు, కంపెనీకి తెలియవు. ఆ వివరాలను బట్టే అది రిస్కును లెక్కవేసి ప్రీమియం నిర్ణయిస్తుంది. అందుకే రిస్కుకు సంబంధించిన ముఖ్య విషయాలను దాచకుండా చెప్పాల్సిన బాధ్యతను చట్టం పాలసీ కోరే ప్రతిపాదకుడి మీద పెట్టింది. ఇంగ్లండులో 1766 నాటి కార్టర్ వర్సెస్ బోమ్ కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పారు. మన కోర్టులు నేటికీ దాన్నే అనుసరిస్తున్నాయి.

ఈ బాధ్యత రెండు వైపులా ఉందని మాత్రం కంపెనీల ఉత్తరాల్లో కనిపించదు. షరతులు, మినహాయింపులు స్పష్టంగా చెప్పడం, తనకు తెలిసిన విషయాన్ని తెలియనట్టు నటించకపోవడం కంపెనీ బాధ్యత. తనకు తెలియని జబ్బును చెప్పలేదని ఎవరినీ తప్పుపట్టడానికి కూడా వీల్లేదు. తెలిసి ఉండి, ఫారంలో అడిగి ఉండి, చెప్పకపోతేనే సమస్య.

ఏ విషయాలు "ముఖ్యమైనవి"? జలుబు, జ్వరం కూడా రాయాలా?

రాయనక్కర్లేదు. బీమా చట్టం సెక్షన్ 45లోని వివరణ ప్రకారం, కంపెనీ తలకెత్తుకున్న రిస్కు మీద నేరుగా ప్రభావం చూపే విషయమే ముఖ్య విషయం. ఆ విషయం తెలిసి ఉంటే తాము పాలసీ ఇచ్చేవాళ్లమే కాదని నిరూపించాల్సిన భారం కూడా కంపెనీదే.

ఈ చివరి మాటను రెండుసార్లు చదవాలి. "తెలిసి ఉంటే ప్రీమియం ఎక్కువ వేసేవాళ్లం" అంటే చట్టం పెట్టిన పరీక్ష నెగ్గినట్టు కాదు. "పాలసీయే ఇచ్చేవాళ్లం కాదు" అని చూపించాలి. అదుపులో ఉన్న షుగర్, బీపీ ఉన్నవాళ్లకు చాలా కంపెనీలు అదనపు ప్రీమియంతో పాలసీలు ఇస్తూనే ఉంటాయి. కాబట్టి షుగర్ దాచారన్న ఆరోపణ వస్తే మొదట అడగాల్సింది ఆ కంపెనీ ఎవరికి పాలసీ ఇవ్వాలో నిర్ణయించుకునే అండర్‌రైటింగ్ మార్గదర్శకాలు. ఆ షుగర్ స్థాయికి, ఆ వయసుకు, ఆ బీమా మొత్తానికి వాళ్లు పాలసీ నిరాకరిస్తారని అందులో ఉందా? లేకపోతే ఉత్తరం బలహీనమైనట్టే.

క్యాన్సర్ చికిత్స, గుండె శస్త్రచికిత్స, డయాలసిస్, లివర్ సిరోసిస్ వంటివి దాచితే కంపెనీ పని తేలిక. బజాజ్ అలయన్జ్ లైఫ్ మీద 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చిన కేసులో పాలసీ తీసుకున్నది 2014 ఆగస్టులో, మరణం సెప్టెంబరులో. హెపటైటిస్ సి చరిత్రను దాచినట్టు ఆసుపత్రి రికార్డుల్లో తేలింది. అక్కడ తిరస్కరణ నిలిచింది.

ఇతర కంపెనీల్లో ఉన్న పాలసీలు చెప్పకపోయినా తప్పేనా?

ఫారంలో ఆ ప్రశ్న ఉంటే చెప్పాలి. ఒకే మనిషి మీద, ఆదాయానికి పొంతన లేనంత బీమా పోగైతే కంపెనీ జాగ్రత్తపడుతుంది. అందుకే ఇది ముఖ్య విషయం కావచ్చు.

2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రిలయన్స్ లైఫ్ కేసులో, ఒక వ్యక్తి 2009 జులైలో మరో కంపెనీ నుంచి 11 లక్షల పాలసీ తీసుకుని, రెండు నెలల తర్వాత రిలయన్స్‌లో 10 లక్షలకు ప్రతిపాదన ఇచ్చారు. మొదటి పాలసీ ఊసు ఎత్తలేదు. 2010 ఫిబ్రవరిలో మరణించారు. తిరస్కరణ సరైనదేనని కోర్టు చెప్పింది.

2025లో వచ్చిన ఎక్సైడ్ లైఫ్ తీర్పు మరో వైపు చూపిస్తుంది. అక్కడ ప్రతిపాదకుడు తనకున్న 40 లక్షల పెద్ద పాలసీని చెప్పి, కొన్ని చిన్న ఎల్ఐసీ పాలసీలను వదిలేశారు. పెద్దది చెప్పాక ఆ చిన్నవి కంపెనీ నిర్ణయాన్ని మార్చేవి కావని కోర్టు భావించి క్లెయిమ్ చెల్లించమంది. దాచినది ఏమిటన్న దానితోపాటు, అది ఈ కంపెనీ నిర్ణయం మీద ఎంత పనిచేసేదన్నదీ లెక్కలోకి వస్తుంది.

2024 ఏప్రిల్ 10న ఫ్యూచర్ జనరాలి లైఫ్ మీద వచ్చిన తీర్పు నామినీలకు ఎక్కువ ఉపయోగపడేది. చనిపోయిన వ్యక్తికి ఎన్నో కంపెనీల్లో పాలసీలున్నాయంటూ కంపెనీ ఒక పట్టిక దాఖలు చేసింది. దానికి ఆధారమైన పాలసీ పత్రాలు కానీ, ఆ కంపెనీల నుంచి సాక్ష్యం కానీ తీసుకురాలేదు. పట్టిక వేసి చూపిస్తే నిరూపించినట్టు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ప్రపోజల్ ఫారంలో ప్రశ్న రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటే, ఆ అస్పష్టత భారం ఫారం తయారుచేసిన కంపెనీయే మోయాలని కూడా చెప్పింది. మీ ఉత్తరంలో ఇతర పాలసీల ప్రస్తావన ఉంటే రెండు పనులు చేయండి: ఫారంలో ప్రశ్న అసలు ఎలా అడిగారో చూడండి, ఆ పాలసీల పత్రాలు చూపించమని రాతపూర్వకంగా అడగండి.

సెక్షన్ 45లో మూడేళ్ల నియమం అంటే ఏమిటి?

1938 బీమా చట్టంలోని ఈ సెక్షన్‌ను 2015 సవరణ పూర్తిగా తిరగరాసింది. అంతకుముందు గడువు రెండేళ్లు, అది దాటాక కూడా మోసం నిరూపిస్తే కంపెనీ తప్పించుకోగలిగేది. ఇప్పుడు మూడేళ్లు దాటితే ఏ కారణంతోనూ, మోసం పేరుతో కూడా, జీవిత బీమా పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు.

ఆ మూడేళ్లు ఎప్పటి నుంచి లెక్కవేయాలన్న దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. పాలసీ జారీ అయిన తేదీ, రిస్కు మొదలైన తేదీ, పాలసీని పునరుద్ధరించిన తేదీ, అదనపు రక్షణ ఇచ్చే రైడర్ చేర్చిన తేదీ, ఈ నాలుగింటిలో ఏది ఆఖరిదైతే దాని నుంచి. మధ్యలో ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్స్ అయి, మళ్లీ రివైవల్ చేయించుకుంటే గడియారం మొదటికి వస్తుంది. పదేళ్ల నాటి పాలసీ కదా, మనకేం భయం అనుకునేవాళ్లు పాలసీ స్టేటస్ రిపోర్టులో రివైవల్ తేదీ ఉందేమో ముందు చూసుకోవాలి.

చట్టం చూసేది కంపెనీ పాలసీని ప్రశ్నించిన తేదీని, మరణించిన తేదీని కాదు. మూడేళ్లు నిండేలోపు కారణాలతో, ఆధారాలతో రాతపూర్వకంగా తెలియజేయాలి. అలాగని కావాలని ఆలస్యంగా క్లెయిమ్ వేయడం మంచిది కాదు. ఆలస్యానికి కారణం చెప్పాల్సి వస్తుంది, సాక్ష్యాలూ చేజారతాయి.

"మోసం" అనడానికీ "విషయం దాచారు" అనడానికీ తేడా ఏమిటి? నా చేతికొచ్చే డబ్బులో తేడా ఉంటుందా?

ఉంటుంది. మూడేళ్లలోపు కంపెనీకి రెండు దారులున్నాయి. మొదటిది మోసం: కంపెనీని నమ్మించి పాలసీ ఇప్పించుకోవాలనే ఉద్దేశంతో అబద్ధం చెప్పడం, నిజాన్ని చురుగ్గా దాచడం. ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదు, మాట్లాడాల్సిన బాధ్యత ఉన్న సందర్భంలో తప్ప. మోసం అన్నప్పుడు, పాలసీదారు బతికి లేకపోతే, అలాంటి ఉద్దేశం లేదని చూపించాల్సిన భారం లబ్ధిదారుల మీద పడుతుంది. తనకు తెలిసినంతలో నిజమే చెప్పారని, కావాలని దాచలేదని, లేదా ఆ విషయం కంపెనీకి అప్పటికే తెలుసని చూపిస్తే చాలు. పాలసీ ఇచ్చే ముందు కంపెనీ డాక్టరే పరీక్షించి ఉంటే, ఆ వైద్య నివేదిక మూడో వాదనకు పనికొస్తుంది.

రెండో దారి, మోసం ఉద్దేశం లేకపోయినా ముఖ్య విషయం తప్పుగా చెప్పడం లేదా చెప్పకపోవడం. ఈ కారణంతో తిరస్కరిస్తే, అప్పటివరకూ కట్టిన ప్రీమియం మొత్తాన్ని తిరస్కరణ తేదీ నుంచి 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఉత్తరంలో "మోసం" అన్న మాట లేకుండా "ముఖ్య విషయం దాచారు" అని మాత్రమే ఉండి, ప్రీమియం వాపసు ప్రస్తావనే లేకపోతే కంపెనీ చట్టాన్ని పాటించనట్టే. ఆ డబ్బు తీసుకునేటప్పుడు "పూర్తి, అంతిమ పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అనే డిశ్చార్జ్ వోచర్ మీద సంతకం పెట్టకండి. "నా హక్కులకు భంగం లేకుండా స్వీకరిస్తున్నాను" అని రాసి సంతకం చేయండి.

ఒక ఉదాహరణతో మొత్తం లెక్క చూపిస్తారా?

గుంటూరు జిల్లాలో ఒక కిరాణా వ్యాపారి 25 లక్షల పాలసీ తీసుకున్నాడనుకుందాం. ప్రపోజల్ ఫారం మీద 2022 మార్చి 2న సంతకం పెట్టాడు. పాలసీ జారీ, రిస్కు మొదలు రెండూ మార్చి 18న. ఏడాదికి ప్రీమియం రూ.21,000. 2023 మార్చిలో ప్రీమియం కట్టలేదు, 30 రోజుల గ్రేస్ దాటి పాలసీ ల్యాప్స్ అయింది. 2023 జూన్ 5న ఆరోగ్య ప్రకటన మీద సంతకం పెట్టి, బాకీ కట్టి రివైవల్ చేయించాడు. 2024 ప్రీమియం సకాలంలో కట్టాడు. 2025 జనవరి 20న గుండెపోటుతో చనిపోయాడు. భార్య ఫిబ్రవరి 3న క్లెయిమ్ వేసింది. ఏప్రిల్ 10న తిరస్కరణ ఉత్తరం వచ్చింది. 2019 నుంచి షుగర్ ఉన్నట్టు ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీలో ఉందని, ఫారంలో "లేదు" అని రాశారని దాని సారాంశం.

మొదట తేదీలు. పాలసీ జారీ నుంచి లెక్కేస్తే 2025 మార్చి 17కే మూడేళ్లు నిండాయి, కాబట్టి ఏప్రిల్ ఉత్తరం చెల్లదనిపిస్తుంది. కానీ రివైవల్ ఉంది. దాని నుంచి మూడేళ్లంటే 2026 జూన్ దాకా. అంటే కంపెనీ గడువులోనే ఉంది. ఆ దారి మూసుకుపోయింది, ఇక ఆధారాల మీద పోరాడాలి.

తర్వాత కారణం. ఉత్తరంలో మోసం అని లేదు, "ముఖ్య విషయం దాచారు" అని ఉంది. అంటే నిరూపణ భారం పూర్తిగా కంపెనీదే. షుగర్ ఉందని తెలిసుంటే 25 లక్షల పాలసీ ఇచ్చేవాళ్లమే కాదని చూపించాలి. ఈమె అడగాల్సినవి మూడు: అండర్‌రైటింగ్ మార్గదర్శకాల్లో సంబంధిత భాగం, 2019 నుంచి వైద్యం జరిగినట్టు ప్రిస్క్రిప్షన్లు లేదా ల్యాబ్ రిపోర్టులు, ఇన్వెస్టిగేటర్ నివేదిక. కంపెనీ దగ్గర ఉన్నది డిశ్చార్జ్ సమ్మరీలోని ఒక్క వాక్యమే అయితే, ఆ వాక్యం ఎవరు చెబితే రాశారో తేలాలి. ఈ సంగతి తర్వాతి ప్రశ్నలో వస్తుంది.

ఇక డబ్బు. ఓడిపోయినా రూ.63,000 ప్రీమియం 2025 జులై 9లోగా రావాలి. విచారణ అవసరమైన మరణ క్లెయిముల మీద 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది. ఫిబ్రవరి 3 నుంచి 45 రోజులంటే మార్చి 20. ఉత్తరం మూడు వారాలు ఆలస్యం. ఆలస్యం ఒక్కదానివల్ల తిరస్కరణ చెల్లకుండా పోదు. అయితే క్లెయిమ్ గెలిస్తే ఆలస్యానికి వడ్డీ అడగడానికి అది గట్టి ఆధారం.

ఆసుపత్రి కాగితంలో "షుగర్ ఐదేళ్లుగా" అని రాశారు. ఇక అంతేనా?

కాదు. తిరస్కరణల్లో ఎక్కువగా వాడే సాక్ష్యం ఇదే, ఎక్కువగా కూలిపోయేదీ ఇదే. ఎమర్జెన్సీలో మనిషిని తీసుకొచ్చినప్పుడు డ్యూటీ డాక్టరు పక్కనున్నవాళ్లను అడుగుతాడు. బావమరిదో, పొరుగింటాయనో "షుగర్ ఉందండీ, నాలుగైదేళ్ల నుంచీ" అంటాడు. అది కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. తర్వాత క్లెయిమ్‌తోపాటు ఇచ్చే వైద్యుడి సర్టిఫికెట్‌లోకి, ఎల్ఐసీలోనైతే బి, బి1 ఫారాల్లోకి అదే మాట ఎక్కుతుంది. ఒక్క నోటిమాట మూడు కాగితాల్లో కనిపించి మూడు సాక్ష్యాల్లా అనిపిస్తుంది.

వినియోగదారుల కమిషన్లు ఇలాంటి చోట రెండు విషయాలు చూస్తాయి. ఆ మాట రాసిన డాక్టరు అఫిడవిట్ కంపెనీ తెచ్చిందా? పాలసీకి ముందు వైద్యం జరిగినట్టు వేరే పత్రం ఉందా? రెండూ లేకపోతే ఒట్టి "హిస్టరీ" వాక్యం తరచుగా సరిపోదు. వరుసగా ప్రిస్క్రిప్షన్లు, పాత అడ్మిషన్ రికార్డులు దొరికితే కథ మారిపోతుంది.

బి ఫారం నింపించేటప్పుడు డాక్టరు జబ్బు కాలాన్ని ఎలా రాస్తున్నారో అక్కడే చదవండి. తనకు నేరుగా తెలియని విషయాన్ని "బంధువులు చెప్పిన ప్రకారం" అని రాయమని కోరడంలో తప్పులేదు. ఉన్న జబ్బు లేదని రాయించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అది దొరికితే నిజాయితీగా ఉన్న మిగతా క్లెయిమ్ కూడా పోతుంది.

దాచిన జబ్బుకూ మరణానికీ సంబంధం లేకపోతే?

2015లో ఎల్ఐసీ మీద వచ్చిన ఒక కేసులో పాలసీదారు నడుము స్పాండిలైటిస్ సంగతి చెప్పలేదు, చనిపోయింది గుండె జబ్బుతో. మరణానికి కారణం కాని, ప్రాణాపాయం లేని జబ్బు చెప్పలేదని క్లెయిమ్ కాదనడం సరికాదని సుప్రీంకోర్టు చెల్లింపుకు ఆదేశించింది. ఈ తీర్పును నామినీలు తప్పక చూపించాలి. అయితే దీన్ని అన్ని కేసులకూ తాళంచెవి అనుకోవద్దు. రిస్కు అంచనా పాలసీ ఇచ్చిన రోజున జరుగుతుంది కాబట్టి, మరణ కారణంతో నిమిత్తం లేకుండా దాచిన విషయం ముఖ్యమైనదా అని చూసిన తీర్పులు కూడా ఉన్నాయి. చిన్న జబ్బు దాచి రోడ్డు ప్రమాదంలో పోయిన కేసుకు ఈ వాదన బలంగా పనిచేస్తుంది. క్యాన్సర్ దాచి ప్రమాదంలో పోతే అంత ధీమాగా ఉండలేం.

ఫారం ఏజెంటే నింపాడు. మా నాన్నగారు సంతకం పెట్టారంతే. అప్పుడు?

సంతకం పెట్టినవాళ్లు అందులోని విషయాలకు బాధ్యులన్నదే మామూలు నియమం. "నేను చదవలేదు" అన్న ఒక్క మాటతో కేసు గెలవదు. కానీ 2015 సవరణ సెక్షన్ 45లో ఒక వివరణ చేర్చింది: బీమా కోసం సంప్రదించి, మాట్లాడి ఒప్పందం కుదిర్చే వ్యక్తి, ఆ ఒప్పందం ఏర్పడే విషయంలో కంపెనీ ఏజెంటుగానే లెక్క. పాలసీదారు ఏజెంటుకు జబ్బు సంగతి చెప్పారని, అతను "రాయక్కర్లేదు" అన్నాడని చూపించగలిగితే ఈ వివరణ మీకు పనికొస్తుంది. వాట్సాప్ సందేశాలు, ఏజెంటుకు పంపిన రిపోర్టుల ఫొటోలు ఇక్కడ బంగారం.

ఫారం చివర మరో పేరా ఉంటుంది. ప్రతిపాదకుడికి ఆ భాష రాకపోతే, విషయాలను అతని భాషలో వివరించామని, అతను అర్థం చేసుకున్నాడని వేరే వ్యక్తి ధ్రువీకరించాలి. ఇంగ్లీషు ఫారం మీద తెలుగులో సంతకమో వేలిముద్రో ఉండి ఆ భాగం ఖాళీగా ఉంటే, ఆ లోపాన్ని మీ ఫిర్యాదులో మొదటి పేజీలోనే రాయండి. ఫారం నకలు పాలసీ బాండ్‌తోపాటే వస్తుంది. ఇల్లు వెతకండి, లేకపోతే కంపెనీని అడిగి తీసుకోండి. అది చూడకుండా జవాబు రాయొద్దు.

ఇన్సూరబుల్ ఇంట్రెస్ట్ అంటే? ఎవరి మీద ఎవరు పాలసీ తీసుకోవచ్చు?

ఆ మనిషి బతికి ఉంటే మీకు ప్రయోజనం, పోతే మీకు ఆర్థిక నష్టం అయ్యే సంబంధం ఉండాలి. అది లేకుండా పరాయి మనిషి ప్రాణం మీద పాలసీ తీసుకుంటే అది పందెం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెపు ఒప్పందాలు చెల్లవు. జీవిత బీమాకు ఈ మాటను నిర్వచించిన భారత చట్టం లేదు, ఇంగ్లండు సూత్రాలూ ఈ సెక్షనూ కలిపి కోర్టులు నడిపిస్తున్నాయి. సముద్ర బీమాకు మాత్రం 1963 చట్టంలో నిర్వచనం ఉంది.

మీ ప్రాణం మీద మీకు ఎప్పుడూ ఇంట్రెస్ట్ ఉంటుంది. భార్యాభర్తలకు ఒకరి మీద ఒకరికి ఉంటుంది. అప్పిచ్చినవాడికి బాకీ మేరకు ఉంటుంది. కీలక ఉద్యోగి మీద సంస్థకు ఉంటుంది. అన్నదమ్ములు, మేనమామలు, స్నేహితుల విషయంలో రక్తసంబంధమో ఆప్యాయతో చాలవు, ఒకరి మీద ఒకరు ఆర్థికంగా ఆధారపడినట్టు చూపించాలి. "మా బాబాయి పేరు మీద పాలసీ తీసి ప్రీమియం నేను కడతాను" అనే ఏర్పాట్లు చిక్కుల్లో పడేది ఇక్కడే. బాబాయే తన ప్రాణం మీద, తన ఆదాయానికి తగినంత పాలసీ తీసుకుని మిమ్మల్ని నామినీగా పెడితే ఆ చిక్కు లేదు. కానీ ప్రతిపాదన వెనుక అసలు మనిషి మీరేనని, ఆయన సంతకం మాత్రమే పెట్టారని తేలితే కంపెనీ ప్రశ్నిస్తుంది.

తర్వాత విడాకులైతే, అప్పు తీరిపోతే పాలసీ చెల్లకుండా పోతుందా?

పోదు. జీవిత బీమాలో పాలసీ మొదలైన రోజున ఇంట్రెస్ట్ ఉంటే చాలు. ఇల్లు, సరుకు వంటి అగ్ని బీమాలో నష్టం జరిగిన రోజున కూడా ఉండాలి, సముద్ర బీమాలో ముఖ్యంగా నష్టం రోజున ఉండాలి.

పాలసీని అసైన్ చేయించుకునేవారికి, అంటే దాని హక్కులను తమ పేరుకు రాయించుకునేవారికి, ఇన్సూరబుల్ ఇంట్రెస్ట్ అక్కర్లేదు. అయితే అసైన్‌మెంట్ నిజాయితీగా లేదని, పాలసీల వ్యాపారం కోసమని అనిపిస్తే నమోదు చేయకుండా నిరాకరించే అధికారాన్ని సవరించిన సెక్షన్ 38 కంపెనీకి ఇచ్చింది.

మూడేళ్లు దాటాక కూడా కంపెనీ కాదనగల సందర్భాలున్నాయా?

ఉన్నాయి. అవి సెక్షన్ 45 కిందకు రావు. ఆ సెక్షన్ పాలసీ పుట్టుకను ప్రశ్నించకుండా ఆపుతుంది, పాలసీ షరతులను చెరిపేయదు. ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్స్ అయి ఉంటే, మరణం కారణం పాలసీలో రాసిన మినహాయింపు కిందకు వస్తే, రైడర్ షరతు నెరవేరకపోతే చెల్లించకపోవచ్చు. వయసు తప్పుగా చెప్పి ఉంటే ఎప్పుడైనా రుజువు అడిగి లెక్కలు సరిచేయవచ్చు. అది పాలసీని ప్రశ్నించినట్టు కాదని సెక్షనే చెబుతోంది.

పాలసీ మొదలవకముందే మరణిస్తే అసలు ఒప్పందమే లేదన్నది వేరే సంగతి. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లి 1984లో తేలిన ఎల్ఐసీ కేసు దీనికి మూలం. 1960 డిసెంబరులో 50,000 రూపాయలకు ప్రతిపాదన, వైద్య పరీక్ష, ప్రీమియం చెక్కులు అన్నీ అయ్యాయి. 1961 జనవరి 12న ప్రతిపాదకుడు చనిపోయాడు, ఎల్ఐసీ అంగీకారం ఇంకా రాలేదు. ప్రీమియం తీసుకుని ఊరుకున్నంత మాత్రాన అంగీకరించినట్టు కాదని కోర్టు తేల్చింది. చెక్కు క్లియర్ అయింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, అంగీకార ఉత్తరం లేదా పాలసీ రావాలి.

ఉత్తరంలో లేని కొత్త కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో చెప్పవచ్చా?

చెప్పకూడదు. 2016లో గలడా పవర్, 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ తీర్పుల్లో, తిరస్కరణ ఉత్తరంలో లేని కారణాలను కంపెనీ తర్వాత తీసుకురాకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అవి సాధారణ బీమా కేసులే అయినా, సూత్రం మీ ఉత్తరానికీ వాడుకోవచ్చు. ఉత్తరం కవరు కూడా దాచుకోండి. అందిన తేదీ మీద తగాదా వస్తే పోస్టల్ ముద్ర అవసరమవుతుంది.

తిరస్కరించాక ఎక్కడికి వెళ్లాలి? ఏ వరుసలో?

మొదట కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, పైన చెప్పిన పత్రాలు అడగండి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయవచ్చు, ఫోను నంబరు 155255. నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది కానీ, అది మీ క్లెయిమ్ మీద తీర్పు ఇవ్వదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు చెప్పిస్తుంది, అంతే.

నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఫిర్యాదులు హైదరాబాద్ కార్యాలయం చూస్తుంది. ఫీజు లేదు, వకీలును పెట్టుకోనివ్వరు. రూ.50 లక్షల వరకు పరిహారం ఇవ్వవచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. తీర్పు కంపెనీని కట్టివేస్తుంది, మీరు మాత్రం అసంతృప్తి ఉంటే వేరే దారి వెతుక్కోవచ్చు. అదే క్లెయిమ్ మీద కోర్టులోనో కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు.

మూడోది వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. ఏ స్థాయి కమిషన్ అన్నది మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ప్రీమియం రూ.50 లక్షలలోపు అయితే జిల్లా కమిషనే. రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ముంబై వెళ్లనక్కర్లేదు. ఉదాహరణలోని గుంటూరు మహిళ ప్రీమియం రూ.63,000 కాబట్టి ఆమె తన జిల్లా కమిషన్‌కే, ఫీజు లేకుండా వెళ్తుంది. 2027 ఏప్రిల్ 10 ఆమె ఆఖరి తేదీ. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన కాలం ఈ రెండేళ్లను దానంతట అది పొడిగించదు. ఆలస్యమైతే కారణం చూపి మన్నింపు కోరాలి. అందుకే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లినా క్యాలెండర్‌లో ఆ తేదీని గుర్తు పెట్టుకోండి.

ఆరోగ్య బీమాకూ మూడేళ్ల నియమం ఉందా?

లేదు. సెక్షన్ 45 జీవిత బీమాకే. ఆరోగ్య బీమాలో మారటోరియం ఉంది: 60 నెలలు తెగకుండా పాలసీ కొనసాగితే, ఆ తర్వాత విషయం దాచారని కాదనలేరు, నిరూపితమైన మోసం తప్ప. 2024కు ముందు ఇది ఎనిమిదేళ్లు. మధ్యలో బీమా మొత్తం పెంచుకుంటే, పెంచిన భాగానికి 60 నెలలు అప్పటి నుంచి మొదలవుతాయి. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలు.

2021 డిసెంబరులో యునైటెడ్ ఇండియా కంపెనీ మీద వచ్చిన విదేశీ ప్రయాణ మెడిక్లెయిమ్ తీర్పు అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు నేరుగా వర్తిస్తుంది. షుగర్ ఉందని ముందే చెప్పి పాలసీ తీసుకున్న వ్యక్తికి శాన్‌ఫ్రాన్సిస్కోలో గుండెపోటు వచ్చింది. ముందే ఉన్న జబ్బు వల్లేనంటూ కంపెనీ కాదంది. చెప్పిన జబ్బును చూసి, రిస్కు బేరీజు వేసుకుని పాలసీ ఇచ్చాక, అదే జబ్బును కారణంగా చూపి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రయాణ పాలసీ తీసుకునేటప్పుడు షుగరు, బీపీ, వాడే మాత్రల పేర్లతో సహా రాసి, ఆ ఫారం నకలు ఫోనులో ఒకటి, ఇండియాలో ఇంటి దగ్గర ఒకటి ఉంచండి.